డిశ్చార్జి కాగితంలోని మోతాదు తెలుగులో ఎలా రాసివ్వాలి?

ప్రశ్న: అమ్మమ్మ కాగితంలో "పారాసిటమాల్ 650 ఎస్ఓఎస్, 6 గంటల ఎడం, రోజుకు 3కి మించొద్దు" అని ఉంది. మోతాదు మారకుండా తేలిగ్గా ఎలా రాయాలి?

జవాబు: ఎస్ఓఎస్ అంటే అవసరమైతేనే వేసుకోవాలని. కానీ "నొప్పి ఉంటే వేసుకో" అని వదిలేస్తే ఎడం, హద్దు రెండూ పోతాయి. ఇలా రాయండి:

"నొప్పి ఉంటేనే ఒక మాత్ర. పొద్దున 8కి వేసుకుంటే మధ్యాహ్నం 2 దాకా ఇంకోటి వద్దు. పగలూ రాత్రీ కలిపి మూడే."

650 అంటే మిల్లీగ్రాములు. అట్ట మీద అదే అంకె ఉందో చూడండి. జలుబు మాత్రల్లోనూ పారాసిటమాల్ ఉండొచ్చు, అవి కలిస్తే హద్దు దాటిపోతుంది.

తర్వాత ఆమెనే అడగండి: "పదింటికి మళ్లీ నొప్పొస్తే ఏం చేస్తావు అమ్మమ్మా?" "రెండింటిదాకా ఆగుతా" అనాలి. ఆగలేనంత నొప్పయితే ఇంకో మాత్ర వేసుకోకుండా డాక్టరుకు ఫోన్ చేయించాలని కూడా అదే కాగితం మీద రాయండి.