చిట్టీకి, టెస్టు పేపర్లు దాచొద్దని

చిట్టీ,

వైజాగ్‌లో నీట్ లాంగ్ టర్మ్‌లో చేరుతున్నావని నిన్న రాత్రి మీ నాన్న చెప్పాడు. మన ఇంటి పిల్ల డాక్టరు చదువుకి బయల్దేరిందని ఒకపక్క సంతోషం, ఇంకోపక్క గుబులు, నిద్ర పట్టలేదమ్మా. గదికి ఎనిమిది మందట. పెట్టెకి తాళం వేసుకో, కాచిన నీళ్లే తాగు, జ్వరం వస్తే ఆ రోజే ఫోన్ చెయ్యి. దాచావంటే ఊరుకోను.

దాచడం సంగతి నాకు బాగా తెలుసు. 1996లో నేనూ అక్కడే ఎంసెట్ కోచింగ్ హాస్టల్లో ఉన్నాను. ఆదివారం టెస్టు, సోమవారం ర్యాంకుల లిస్టు గోడకి అంటించేవారు. పర్లాకిమిడి స్కూల్లో ఫస్ట్ వచ్చినవాణ్ణి, అక్కడ నా పేరు కింది నుంచి వెతుక్కోవాల్సి వచ్చింది. సిగ్గేసి పేపరు మడిచి ట్రంకు పెట్టె అడుగున పడేసి, ఇంటికి మాత్రం ‘బాగా రాశాను’ అని ఉత్తరం రాసేవాణ్ణి. సీటు రాలేదు. పెట్టె మోసుకొచ్చి నౌపడలో చిన్న రైలు కోసం కూర్చున్నప్పుడు ఆ పేపర్లన్నీ మొదటిసారి తీసి చూశాను. ఒకటే తప్పు, పదకొండు చోట్ల. కటకం నాభ్యంతరం 20 సెంటీమీటర్లు, సామర్థ్యం ఎంత అంటే ఒకటిని 20తో భాగించి 0.05 పెట్టాను. మీటర్లలోకి మారిస్తే 0.2, అప్పుడు జవాబు 5 డయాప్టర్లు. ఆ 0.05 కూడా ఆప్షన్లలో ఉంది, తొందరపడేవాడు ఎక్కడ జారతాడో పేపరు తయారుచేసేవాళ్లకి తెలుసు. ఫార్ములా నాకు వచ్చు. మార్కులు తగ్గినప్పుడల్లా ఆ పాఠమే మళ్లీ చదివాను, చదివితే పోయే తప్పు కాదది. ఆ బెంచీ మీదే ఏడ్చాను.

అందుకే టెస్టు రాసిన సాయంత్రమే కీ పెట్టుకుని కూర్చో. తెలియక పోయినవి, తెలిసీ పోయినవి విడదియ్యి. తెలియనివాటికి పాఠం చదువు. తెలిసీ పోయినదానికి మాత్రం ఎక్కడ జారావో ఒక్క వాక్యం నోటుబుక్కులో రాసుకో, ‘యూనిట్ మార్చలేదు’, ‘సరికానిది ఏది అంటే సరైనది పెట్టాను’, ఇలాగ. వారం తర్వాత కీ చూడకుండా అదే ప్రశ్న మళ్లీ చెయ్యి. నీట్‌లో ఒప్పుకి నాలుగు మార్కులు, తప్పుకి ఒకటి కోత. తెలిసిన ప్రశ్న పోగొట్టుకుంటే ఐదు మార్కుల తేడా, అలాంటివి పది ఉంటే యాభై. ఒకే వాక్యం మూడోసారి రాయాల్సి వచ్చిందంటే అది నీ అలవాటన్నమాట. యూనిట్ల దగ్గరైతే ప్రతి అంకె పక్కన యూనిట్ రాశాకే లెక్క మొదలుపెట్టు.

మీ నాన్నతో సున్నుండలు, రెండొందల పేజీల రూళ్ల నోటుబుక్కు పంపిస్తున్నా. ఆదివారం రాత్రి ఫోన్ చేస్తా. ర్యాంకు అడగనమ్మా, ఆ నోటుబుక్కులో రాసిన వాక్యం ఒకటి చదివి వినిపించు చాలు.

పెదనాన్న