ఆషాఢం క్లియరెన్స్ పోస్టులో తొందర ఉండాలి, షాపు పరువు పోకూడదు

ప్రశ్న: మాది చిన్న బొటిక్. వేసవి కాటన్ కుర్తీలు మిగిలాయి. ‘త్వరపడండి’ అని పోస్టు పెడితే చవక షాపులా కనిపిస్తోంది. ఎలా రాయాలి?

తొందర మీ మాటల్లో కాదు, మిగిలిన సరుకు లెక్కలో కనబడాలి. ముందు సైజుల వారీగా లెక్కపెట్టండి. ఉదాహరణకు ఇలా రాయొచ్చు:

“మంగళగిరి కాటన్ కుర్తీలు. ఎం 6, ఎల్ 5, ఎక్స్‌ఎల్ 3 ఉన్నాయి. శ్రావణం సరుకు కోసం ర్యాక్ ఖాళీ చేస్తున్నాం. ₹1,450వి ఆదివారం రాత్రి దాకా ₹1,090. ఈ రంగులు మళ్లీ తెప్పించడం లేదు.”

ఎందుకు తగ్గించారో ఇందులోనే ఉంది కాబట్టి, బట్టలో లోపం ఉందేమోనన్న అనుమానం రాదు. ఫొటో మాత్రం సీజన్ మొదట్లో తీసినంత శ్రద్ధగా తీయండి. నక్షత్రంలా మెరిసే ఎర్ర స్టార్‌బర్స్ట్ గుర్తులు, ఫొటో మీద పెద్ద శాతాలు వద్దు. ధర కింద రాస్తే చాలు. ఒకరోజు ముందే పాత కస్టమర్లకు వాట్సాప్‌లో చూపిస్తే వాళ్లకూ గౌరవంగా ఉంటుంది.

అసలు చెడేది పోస్టు పెట్టాక. సైజు అయిపోగానే ‘ఎం అయిపోయింది’ అని స్టోరీలో పెట్టండి, దానికి మించిన తొందర లేదు. ఆదివారం దాటితే గడువు పొడిగించకండి. ఒక్కసారి పొడిగించినా, వచ్చే ఏడాది మీ తేదీని ఎవరూ నమ్మరు. కొత్త సరుకు పోస్టుల కింద కూడా ‘ఇది ఎప్పుడు తగ్గుతుంది?’ అని అడుగుతున్నారంటే, డిస్కౌంట్లు ఎక్కువైపోయినట్టే. మిగిలిన ఒకటి రెండు పీసులు షాపులోనే మాట్లాడి అమ్మేయండి.