కూరగాయల బుట్ట: ఎంతమంది చందాదారులు ఉండాలో మే నెలను చూసి తేల్చుకోండి

ప్రశ్న: శంకర్‌పల్లి దగ్గర మాకు ఎకరన్నర పొలం, ఒక బోరు ఉన్నాయి. తెల్లాపూర్ వైపు అపార్ట్‌మెంట్లకు వారానికోసారి కూరగాయల బుట్ట పంపాలని ఆలోచన. బుట్టకు ఎంత ధర పెట్టాలి? చేరినవాళ్లు రెండు నెలలకే మానేయకుండా ఏం చేయాలి? ఈ పని చేస్తున్నవాళ్లు ఎవరైనా చెప్పగలరా?

జవాబు:

నేను చేవెళ్ల వైపు నుంచి మణికొండ, నార్సింగి అపార్ట్‌మెంట్లకు పంపుతున్నాను. ధర సంగతి తర్వాత చెబుతాను. ముందు ఎంతమందిని చేర్చుకోవాలో తేలాలి, ధర దాని మీదే ఆధారపడుతుంది.

చాలామంది డిసెంబరు, జనవరి దిగుబడి చూసి లెక్క వేసుకుంటారు. ఆ రెండు నెలల్లో టమాటా, వంగ, చిక్కుడు, ఆకుకూరలు అన్నీ ఒకేసారి విరగకాస్తాయి. అరవై, డెబ్భై కుటుంబాలకు పంపవచ్చు అనిపిస్తుంది. మే నెల రాగానే టమాటా పూత ఎండకు రాలిపోతుంది, పందిరి చిక్కుడు ఎప్పుడో అయిపోయి ఉంటుంది, పాలకూర, కొత్తిమీర నీడవల కింద తప్ప నిలవవు, బోరు కూడా సగం నీళ్లే పోస్తుంది. అప్పుడు మిగిలేవి గోరుచిక్కుడు, బెండ, దొండ, వంగ, సొర, తోటకూర, గోంగూర. ఈ వరసతో వారానికి ఎన్ని కిలోలు తీయగలరో అదే మీ అసలు సామర్థ్యం. డ్రిప్పు ఉన్న ఎకరం మీద వేసవిలో వారానికి రెండు వందల కిలోలు వస్తాయనుకుంటే, అయిదు కిలోల బుట్టలు నలభై. చందాదారులు అంతమందే ఉండాలి. జనవరిలో మిగిలిన సరుకు రైతు బజారులో అమ్ముకోవచ్చు, అందుకు రైతు గుర్తింపు కార్డు ముందే తీసి పెట్టుకోండి. మేలో ఖాళీ బుట్ట పంపితే మాత్రం దాన్ని సర్దుకునే దారి ఉండదు.

బయటివాళ్లకు తట్టని చిక్కు ఇంకొకటి ఉంది. బుట్ట వారానికోసారి వెళ్తుంది కానీ మొక్కకు వారం లెక్క తెలియదు. బెండ రోజు విడిచి రోజు కోయాలి, నాలుగు రోజులు వదిలేస్తే పీచు పడుతుంది. బీర, కాకర రెండు మూడు రోజులకోసారి కోయాలి. వంగ నాలుగైదు రోజులు ఆగుతుంది. శనివారం ఒక్కరోజే పంపితే సోమవారం, బుధవారం కోసిన బెండ ఎవరికి? అందుకే నలభై మందిని రెండు జట్లు చేశాను. సగం మందికి బుధవారం, సగం మందికి శనివారం. ఎవరికైనా వారానికి వచ్చేది ఒక్క బుట్టే, పొలం నుంచి మాత్రం బండి రెండుసార్లు వెళ్తుంది. బండి ఖర్చు పెరుగుతుంది, నిజమే. కానీ మధ్య కోతల్లో వచ్చిన లేత కాయను గ్రామంలో అయినకాడికి అమ్ముకోవడం కంటే ఇదే మేలు.

విత్తడం కూడా ఇదే లెక్కన. ఎకరమంతా ఒకేసారి బెండ వేస్తే నలభై అయిదు రోజులకు వెల్లువలా కాసి, రెండు నెలల్లో ఉడిగిపోతుంది. దాన్ని చిన్న చిన్న మళ్లుగా చేసి మూడు నాలుగు వారాలకోసారి వేయండి. పాత మడి ముదిరే సరికి కొత్తది అందుకుంటుంది. తోటకూర, మెంతి, కొత్తిమీర అయితే ప్రతి వారం కొంచెం చల్లవలసిందే. తోటకూర నెలలోపు చేతికొస్తుంది, కొత్తిమీరకు నలభై రోజుల దాకా పడుతుంది. దొండ తీగను ఒకసారి పందిరి ఎక్కిస్తే నెలల తరబడి కాస్తుంది, చలికాలంలో మాత్రం మందగిస్తుంది. సరిగ్గా అప్పుడే పందిరి చిక్కుడు కాపుకొస్తుంది. ఈ రెండూ పక్కపక్కనే ఉంటే ఏడాదిలో చాలా వారాలు గడిచిపోతాయి.

ఇప్పుడు ధర. రైతు బజారు బోర్డు చూసి ధర పెట్టకండి. మీ వారం ఖర్చు రాయండి. మాదిరిగా ఒక లెక్క చూడండి. పొలంలో ఉండే భార్యాభర్తల జీతం వారానికి 6,000. కోతకు, ఏరడానికి వచ్చే ఆడవాళ్ల కూలి 2,000. విత్తనం, నారు, ఎరువు, కర్రలు, తాడు అన్నీ సర్ది 2,000. బండి రెండు సార్లకు 2,800. సంచులు, చిల్లర ఖర్చులు 500. మొత్తం 13,300 రూపాయలు. బుట్ట 450 చొప్పున నలభై అమ్మితే 18,000 వస్తుంది, వారానికి 4,700 మిగులుతుంది. అంటే నెలకు ఇరవై వేల చిల్లర, అందులోనే మీ కష్టం, డ్రిప్పు పైపుల అరుగుదల అన్నీ. అవే ఖర్చులతో ఇరవై ఎనిమిది బుట్టలే వెళ్తే వచ్చేది 12,600. అంటే చేతి నుంచి పడుతుంది. దాదాపు ముప్పై బుట్టల దాకా మీరు పనిచేసేది కూలీల కోసం, బండివాడి కోసం. లాభమంతా ఆ చివరి పది బుట్టల్లో ఉంది. మానేసేవాళ్ల గురించి మీరు పడుతున్న దిగులు సరైనదే.

450కి నేను ఇచ్చేది అయిదు కిలోల కాయగూరలు, నాలుగు కట్టల ఆకుకూరలు, కరివేపాకు, గుప్పెడు పచ్చిమిర్చి. ఇద్దరే ఉండే ఇళ్లకు మూడు కిలోల చిన్న బుట్ట 300. చిన్న బుట్టకు కిలో లెక్కన ఎక్కువ పడుతుంది, పడాలి కూడా, ఎందుకంటే దాన్ని సర్దడానికి, మోయడానికి పట్టే శ్రమ తగ్గదు. ధర ఏడాదంతా ఒకటే. బయట టమాటా పదిహేను రూపాయలున్నప్పుడు ఒకరిద్దరు సణుగుతారు. 2023 జూలైలో టమాటా కిలో వంద దాటినప్పుడు మాత్రం ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు నేను బుట్టలో కిలోకు బదులు అరకిలో వేసి, లోటు సొర, వంకాయతో పూడ్చాను. ధర కదపలేదు. ఆ నెల పాటించిన నిలకడ వల్ల ఇప్పటికీ నాతో ఉన్నవాళ్లున్నారు.

డబ్బు ముందే తీసుకోండి, కానీ నెల లెక్కన వద్దు. నెలలో ఒక్కోసారి అయిదు బుధవారాలు వస్తాయి, అక్కడ గొడవ మొదలవుతుంది. నాలుగు బుట్టలకు 1,800 తీసుకోండి, నాలుగోది ఇచ్చిన రోజు మళ్లీ అడగండి. ఊరికి వెళ్తే ఆ వారం ఆపుకోవచ్చు, డబ్బు పోదు, అయితే రెండు రోజుల ముందు చెప్పాలి. కోత రాత్రి పదింటికి సందేశం పెడితే కుదరదని చేరేటప్పుడే చెప్పండి, ఎందుకంటే అప్పటికే కోసిన ఆకుకూర మళ్లీ వేరులో అతుక్కోదు. ఎండాకాలం సెలవులకు చాలామంది ఆపుతారు, అది మీకు మేలే, దిగుబడి కూడా అప్పుడే తక్కువ. ఇబ్బంది పెట్టేది సంక్రాంతి. పొలం నిండా కాయ, అపార్ట్‌మెంట్‌లో సగం తలుపులకు తాళం. ఆ వారానికి ఉన్నవాళ్ల దగ్గర అదనపు బుట్టకు ముందుగానే మాట తీసుకుంటాను. కనుమ పనులకు, బంధువుల రాకకు కావాలని అడిగేవాళ్లు ఎలాగూ ఉంటారు.

ఇక మానేయడం. ధర ఎక్కువని మానేసేవాళ్లు నాకు తక్కువ తగిలారు. వరసగా నాలుగో వారం కూడా సొరకాయ వచ్చిందని మానేస్తారు. ఉద్యోగం చేసే ఆలుమగలు ఆకుకూర బాగు చేసే తీరిక లేక, అది ఫ్రిజ్‌లో వాడిపోయి చెత్తబుట్టలో పడుతుంటే మనసొప్పక మానేస్తారు. అందుకని చేరేటప్పుడే మాకు వద్దు అనే కూరగాయలు రెండు చెప్పమంటాను. ఎక్కువగా దొండ, కాకర పేర్లు వస్తాయి. ఆ రెండూ వాళ్ల బుట్టలో వేయను, బదులు ఇంకేదో ఎక్కువ వేస్తాను. ఇంతకు మించి ఎంపిక ఇవ్వకండి. ఎవరికి కావలసింది వాళ్లు ఎంచుకోవడం మొదలైతే అందరూ బెండ, టమాటాయే అడుగుతారు, మీరు రైతు పని వదిలి దుకాణం నడపాలి. ఆకుకూరల్లో వేళ్లు, మట్టి తీసేసి కట్ట కట్టడానికి ఒక మనిషిని అదనంగా పెట్టండి. ఆ కూలి మీద వచ్చే ఫలం ఏ ప్రకటనా ఇవ్వదు.

కోత ముందు రోజు సాయంత్రం ఎండ తగ్గాక. రాశి పోయకుండా నీడలో పరచాలి, ఆకుకూర మీద తడి గోనె కప్పాలి. బెండను కడగకండి, తడి తగిలితే తెల్లారేసరికి నల్లబడి జిగురు వస్తుంది. కడిగి పంపమని అడిగేవాళ్లకు ఇదే చెప్పండి.

అపార్ట్‌మెంట్‌లో తలుపు తలుపుకూ వెళ్లొద్దు. లిఫ్టు, గంట కొట్టడం, రెండు మాటలు కలిపి ఇంటికి అయిదు నిమిషాలు పడుతుంది, ఇరవై ఇళ్లకు రెండు గంటల దగ్గరికి వెళ్తుంది, అంతలో ఎండ ఎక్కుతుంది. అసోసియేషన్ అనుమతితో కింద ఒక బల్ల అడగండి, సంచుల మీద ఫ్లాటు నంబర్లు రాసి ఉదయం ఆరున్నరకు పెట్టేయండి. పాత సంచి అక్కడే వదిలి కొత్తది తీసుకెళ్తారు. నాలుగు అపార్ట్‌మెంట్లలో అయిదేసి మంది కంటే ఒకే దాంట్లో ఇరవై మంది దొరకడం మంచిది. అలాంటి చోటు దొరికేదాకా మొదలుపెట్టకండి. వాచ్‌మన్‌కూ ఒక చిన్న సంచి ఇవ్వండి, లెక్కల్లో దాన్ని ఖర్చుగానే రాయండి.

మందుల ప్రశ్న తప్పకుండా వస్తుంది. నేను ఆర్గానిక్ అనే మాట వాడను. ఏ పంట మీద ఏం కొట్టానో, ఏ తేదీన కొట్టానో ఆ వారం సందేశంలో రాస్తాను, వేపనూనె అయినా సరే. వంకాయల్లో పుచ్చు కొన్ని ఉంటాయని కూడా రాస్తాను. పుచ్చు వచ్చినవాటికి బదులు తర్వాతి వారం తూకంలో కలుపుతాను.

ఉల్లిగడ్డ, బంగాళాదుంప మీరు పండించకపోతే వేయకండి. మార్కెట్‌లో కొని బుట్టలో కలిపితే ఎవరో ఒకరు కనిపెడతారు, అప్పుడు మిగతావి కూడా కొన్నవేనేమో అనుకుంటారు. పక్క రైతు దగ్గర మునగకాయ తెస్తే ఆయన పొలం నుంచి అని రాసి వేయండి.

మొదలుపెట్టడానికి జూన్ మంచిది కాదు. వానలకు ఆకుకూర మట్టి కొట్టుకుపోయి, ఆకుమచ్చ పడి, మొదటి నెల బుట్టలే నాసిగా ఉంటాయి. ఆగస్టులో వంగ, టమాటా నారు పోసి, సెప్టెంబరులో నాటి, కార్తీకం నుంచి పంపండి. చాలా ఇళ్లలో ఆ నెల మాంసం ఉండదు, కూరగాయల వాడకం పెరుగుతుంది, పొలం కూడా అప్పుడే కళకడుతుంది.