మబ్బు లేని చోట కుదుపు: శీతాకాలంలో హైదరాబాద్–ఢిల్లీ దారి

"కిటికీలోంచి చూస్తే ఆకాశం నీలంగా ఉంది, ఒక్క మబ్బు కూడా లేదు. అయినా ఢిల్లీ వెళ్లే విమానం ఎందుకంతగా కుదిపేసింది? పైలట్లకు ముందే తెలియదా?"

నేను కొన్నేళ్లు ఒక విమానయాన సంస్థలో ఫ్లైట్ డిస్పాచర్‌గా పనిచేశాను. వాతావరణాన్ని చూసి విమానం వెళ్లే దారి, ఎత్తు, ఇంధనం లెక్కగట్టి కెప్టెన్‌కు ప్రణాళిక అందించడం ఆ ఉద్యోగం. డిసెంబరు నుంచి మార్చి దాకా ఢిల్లీ విమానాల విషయంలో నేను మబ్బుల కంటే ఎక్కువగా ఆరా తీసింది మీరడిగిన ఈ కుదుపుల గురించే.

ఆ నెలల్లో ఉత్తర భారతం మీద సుమారు 12 కిలోమీటర్ల ఎత్తున జెట్ స్ట్రీమ్ అనే గాలి ప్రవాహం పడమటి నుంచి తూర్పుకు సాగుతుంది. దాని నడుమ వేగం తరచుగా 100 నాట్లు, అంటే గంటకు 185 కిలోమీటర్లు దాటుతుంది. వేగం ఒక్కటే విమానాన్ని కుదపదు. గాలి అంతా ఒకే వేగంతో కదిలితే ప్రయాణం నున్నగా సాగిపోతుంది. చిక్కు వచ్చేది ఒక పొరకూ దాని కింది పొరకూ మధ్య వేగం ఒక్కసారిగా మారే చోట. అక్కడ రెండు పొరల సరిహద్దు అలలుగా లేచి, ఒక్కో అల తల ముందుకు వాలి, విరిగి, సుడులుగా చెదిరిపోతుంది. కొన్ని వందల మీటర్ల వెడల్పున్న ఆ సుడులను సెకనుకు 230 మీటర్ల వేగంతో దాటే విమానానికి అవి వరుస దెబ్బల్లా తగులుతాయి. గాలి పొడిగా ఉంటే ఇదంతా జరుగుతున్నా మబ్బు ఏర్పడదు. విమానపు రాడార్ చూసేది నీటి చుక్కలనే కాబట్టి దాని తెర కూడా ఖాళీగానే ఉంటుంది.

అలలు విరుగుతాయా లేదా అన్నది రెండింటి పోటీ మీద ఆధారపడుతుంది: పొరలను వాటి చోట నిలిపి ఉంచే స్థిరత్వం, వాటిని కలచివేసే వేగపు తేడా. ఈ రెండింటి నిష్పత్తిని రిచర్డ్‌సన్ సంఖ్య అంటారు, అది 0.25 కంటే తగ్గితే సుడులు పుట్టే వీలుంటుంది. విమానాలు తిరిగే ఎత్తుల్లోని మామూలు స్థిరత్వానికి లెక్కవేస్తే, ప్రతి వెయ్యి అడుగులకు గాలి 12 నాట్లు మారినప్పుడు ఆ సంఖ్య 0.25కు దిగుతుంది, 6 నాట్లే మారితే 1 దగ్గర ఉంటుంది. అయినా మేము 6 నాట్లకే జాగ్రత్తపడేవాళ్లం. ఎందుకంటే కంప్యూటర్ నమూనా ఇచ్చేది పదుల కిలోమీటర్ల మేర తీసిన సగటు. ఆ సగటు వెనుక ఏదో ఒక పలుచని పొరలో తేడా దానికి రెట్టింపు ఉండవచ్చు.

ఒక జనవరి ఉదయం నా ముందున్న ప్రణాళికలో 34,000 అడుగుల దగ్గర వెయ్యి అడుగులకు ఈ తేడా భోపాల్ వద్ద 3 నాట్లుగా, గ్వాలియర్ చేరువలో 7 నాట్లుగా కనిపించింది. లండన్, వాషింగ్టన్‌లలోని ప్రపంచ విమాన వాతావరణ కేంద్రాలు తయారుచేసే పటంలో కూడా ఆ ప్రాంతం చుట్టూ గీతలతో కుదుపుల మండలం గుర్తించి ఉంది. అయినా పటం మీది మండలం చాలా విశాలం, అసలు కుదిపే పొర మందం తరచుగా రెండు మూడు వేల అడుగులకు మించదు. అందుకే కెప్టెన్ నన్ను మొదట అడిగింది, "ముందు వెళ్లినవాళ్లు ఏమన్నారు?" అని. అరగంట ముందు అదే దారిన వెళ్లిన విమానం 34,000 అడుగుల వద్ద మధ్యస్థాయి కుదుపులున్నాయని తెలిపింది, 30,000 వద్ద నున్నగా ఉందని మరొకరు చెప్పారు. కొంత ఇంధనం ఎక్కువ ఖర్చయినా 30,000 అడుగులకే ప్రణాళిక మార్చాం. ఆ విమానం గ్వాలియర్ దాటేటప్పుడు స్వల్పంగా మాత్రమే కదిలిందని దిగాక కెప్టెన్ చెప్పారు. నా అనుభవంలో ఏ పటం కంటే కూడా ముందు వెళ్లిన విమానం మాటే ఎక్కువ విలువైనది.

గాలిలో ఉన్న పైలట్‌కు మరికొన్ని గుర్తులుంటాయి. బయటి ఉష్ణోగ్రత, గాలి వేగం, దిశ కాక్‌పిట్ తెరలపై కనిపిస్తూనే ఉంటాయి. అవి కొద్ది నిమిషాల్లోనే గబగబా మారడం మొదలైతే పొరల సరిహద్దు దగ్గరకు వచ్చినట్టే లెక్క. అప్పుడు సీటు బెల్టు దీపం వెలిగించి, ఆ విమానానికి నిర్దేశించిన కుదుపుల వేగానికి తగ్గి, ఎత్తు మార్చడానికి కంట్రోలర్ అనుమతి అడుగుతారు. ఇప్పుడు చాలా విమానాలు కుదుపు తీవ్రతను తామే కొలిచి EDR అనే అంకెగా నేలకు పంపుతున్నాయి. "మధ్యస్థాయి" అనే మాటకు ఒక్కో పైలట్ దృష్టిలో, ఒక్కో విమానం బరువులో వేరే అర్థం ఉండేది కనుక, గాలి స్థితినే కొలిచే ఈ అంకె వచ్చాక పోలిక సులువైంది. 0.20 నుంచి మధ్యస్థాయి, 0.45 నుంచి తీవ్రం.

అయితే ఆ పొరలోకి మొదట ప్రవేశించే విమానానికి ముందు వెళ్లినవారి మాటంటూ ఉండదు. 1997 డిసెంబరు 28న టోక్యో నుంచి హోనలూలూ వెళుతున్న 747 విమానం పసిఫిక్ మీద ఇలాంటి కుదుపులో చిక్కుకుంది; బెల్టు పెట్టుకోని ఒక ప్రయాణికురాలు మరణించారు. దీపం ఆరి ఉన్నా, కూర్చున్నంతసేపూ నేను బెల్టు తీయకపోవడానికి కారణం అదే.