వాల్యూమ్ సమానం చేసినా రెండు గొంతుల్లా ఎందుకు వినిపిస్తోంది?

"ఒక పాఠాన్ని రెండు రోజులు చదివి రికార్డ్ చేశాను. మొదటి రోజు పక్కగదిలో యంత్రం నడుస్తోంది. ఆ మోతను తర్వాత సాఫ్ట్‌వేర్‌తో తీసేశాను. రెండో రోజు అంతా నిశ్శబ్దం. రెండు భాగాల వాల్యూమ్ ఒకటే చేసినా ఇద్దరు మనుషులు చదివినట్టుంది. కారణం ఏమిటి?"

ఇదే ఇబ్బంది నాకూ ఎదురైంది. నేనూ మొదట మోత తీసేసే సాఫ్ట్‌వేర్‌నే అనుమానించాను. అది గొంతును కొంత పాడుచేసే మాట నిజమే కానీ, ఎంత పాడుచేసినా స్వరం ఎత్తును పెంచదు, అచ్చులను సాగదీయదు. అందుకే రెండు రోజులూ చదివిన ఒకే వాక్యాన్ని ప్రాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పక్కపక్కన పెట్టి కొలిచాను. ఆ వాక్యం, "పాత తాడు తీసి కొత్తది కట్టండి."

నిశ్శబ్దంలో నా సగటు స్వరం 118 హెర్ట్జ్, మోతలో 139. "పాత"లోని "ఆ" 150 మిల్లీసెకన్ల నుంచి 185కు సాగింది. హల్లులు మాత్రం దాదాపు అలాగే ఉన్నాయి. అంటే నేను నెమ్మదిగా చదవలేదు, అచ్చుల మీద ఎక్కువసేపు నిలిచాను. కాబట్టి ఫైలు మొత్తం వేగాన్ని పెంచితే ఇది సరిపోదు.

దీనిని లొంబార్డ్ ప్రభావం అంటారు. ఫ్రెంచి వైద్యుడు ఎటియెన్ లొంబార్డ్ 1911లో వివరించారు. చుట్టూ మోత పెరిగితే మన ప్రమేయం లేకుండానే గొంతు పెరుగుతుంది. ఎదుటివారితో మాట్లాడేటప్పుడు మోత 10 డెసిబెళ్లు పెరిగితే గొంతు సుమారు 5 డెసిబెళ్లు పెరుగుతుంది. ఎవరూ వినని గదిలో చదువుతుంటే ఇంకా తక్కువ. మీరు సరిచేసింది ఈ ఒక్క పెరుగుదలనే. మిగిలినవి ఫైల్లో అలాగే ఉండిపోయాయి.

వాటిలో చెవికి ముందుగా తగిలేది గొంతు పదును. గట్టిగా పలికేటప్పుడు స్వరతంత్రులు చప్పున మూసుకుంటాయి. దానివల్ల స్వరంలోని పై పౌనఃపున్యాలకు బలం వస్తుంది, అడుగున ఉండే మెత్తదనం ఆ మేరకు వెనక్కి తగ్గుతుంది. వాల్యూమ్ తగ్గిస్తే అన్నీ కలిసి తగ్గుతాయి కాబట్టి ఆ పదును పోదు. దూరంగా నిలబడి గట్టిగా మాట్లాడుతున్న మనిషిని దగ్గరకు తెచ్చి చిన్నగా వినిపించినట్టు ఉంటుంది.

అచ్చుల సంగతి ఇంకా ఆసక్తికరం. గట్టిగా పలకాలంటే దవడ ఎక్కువగా తెరుస్తాం. నోరు తెరుచుకునే కొద్దీ మొదటి ఫార్మంట్, అంటే నోటి గొట్టంలోని మొదటి అనునాదం, పైకి జరుగుతుంది. నా "ఆ"లో అది 690 నుంచి 760 హెర్ట్జ్‌కు వెళ్లింది. "తీసి"లోని "ఈ"లో 300 నుంచి 325కే వెళ్లింది. ఆ రెండు అచ్చుల మధ్య దూరం 390 నుంచి 435కు పెరిగింది. అయితే ఇది అందరిలో ఇలాగే ఉంటుందని అనుకోకండి. మొదటి ఫార్మంట్ పెరగడం సాధారణంగా కనిపిస్తుంది. రెండోది మాత్రం ఒక్కొక్కరిలో ఒక్కో విధంగా కదులుతుంది. అందువల్ల కొందరిలో అచ్చులు ఒకదానికొకటి దూరమవుతాయి, కొందరిలో అన్నీ కలిసి ఒకవైపు జరుగుతాయి.

మీరూ కొలిచి చూస్తే ఒక జాగ్రత్త అవసరం. స్వరం 250 హెర్ట్జ్ దాటితే దాని గుణిజాలు ఒకదానికొకటి అంత దూరంలో ఉంటాయి. అప్పుడు సాఫ్ట్‌వేర్ అసలు ఫార్మంట్‌కు బదులు దగ్గరలోని గుణిజాన్నే పట్టుకుని చూపిస్తుంది. ఫార్మంట్ విలువ సరిగ్గా స్వరానికి రెట్టింపో మూడింతలో వస్తే నమ్మకండి. మైకు దూరం రెండు రోజులూ ఒకటే కాకపోతే డెసిబెళ్ల పోలికకు కూడా అర్థం ఉండదు.

ఇక సరిచేయడం. పై పౌనఃపున్యాలను కొద్దిగా తగ్గిస్తే పదును కొంత తగ్గుతుంది. స్వరం, అచ్చుల నిడివి, నోటి ఆకారం మారవు. నేను చివరికి మోతలో చదివిన భాగాన్నే మళ్లీ నిశ్శబ్దంలో చదివాను, మీకూ అదే చెబుతాను. కొన్ని వాక్యాలు మాత్రమే మార్చాల్సి ఉండి, మోతలోని భాగాన్ని ఉంచుకోక తప్పకపోతే, అలాంటి మోతనే హెడ్‌ఫోన్‌లో వింటూ ఆ వాక్యాలను చదవండి. చెవులను పూర్తిగా మూసే హెడ్‌ఫోన్ మీ గొంతునే మీకు తక్కువగా వినిపిస్తుంది, ఆ ఒక్క కారణంతోనే మీరు ఇంకా గట్టిగా పలుకుతారు. అందుకని మైకులోని మీ గొంతును కూడా హెడ్‌ఫోన్‌లోకి కొంత తెచ్చుకోండి. ఎదురుగా ఒక మనిషిని కూర్చోబెట్టి వారికి చెబుతున్నట్టు చదవడం, నా విషయంలో, ఒంటరిగా చదవడం కన్నా పాత భాగానికి బాగా దగ్గరగా వచ్చింది.