టెక్ సందేహాలు: రచయితలు ఇద్దరు, చిట్టి మాత్రం ఒక్కతే కావాలంటే

ప్రశ్న: పిల్లల యానిమేషన్ సిరీస్‌కి బైబిల్, అంటే పాత్రలు ఎలాంటివో, కథలు ఎలా నడవాలో రచయితలకు చెప్పే పుస్తకం రాస్తున్నాను. 11 నిమిషాల ఎపిసోడ్లు 26. వర్డ్‌లో 60 పేజీలైంది. ఇద్దరు రచయితలకు పంపితే ఇద్దరూ హీరోయిన్ చిట్టిని వేరే వేరే పిల్లలా రాసుకొచ్చారు. దీనికి ప్రత్యేకమైన సాఫ్ట్‌వేర్ ఏదైనా ఉందా సార్?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: కొత్త సాఫ్ట్‌వేర్ కొననక్కర్లేదండీ. గూగుల్ డాక్స్‌లో ఒక ఫైలు, షీట్స్‌లో ఒక ఫైలు ఉంటే చాలు. మీరు పంపిన పేజీల్లో చిట్టి గురించి "ధైర్యవంతురాలు, తెలివైనది, అల్లరిది" అని ఉంది. తేడా అక్కడే వచ్చింది. ఈ మూడు మాటలు ఏ కార్టూన్ పిల్లకైనా సరిపోతాయి. రచయితకు కావలసింది చిట్టి ఏం చేస్తుంది, ఏం చేయదు అన్నది. మీ కథలో ఆమె తాత గోదావరి మీద పంటు నడుపుతాడు కదా, ఇలా రాసి చూడండి: "చిట్టి ఏ మాటైనా సగం విని పరుగెడుతుంది. తప్పు జరిగితే దాస్తుంది. కానీ ఎదురుగా అడిగితే అబద్ధం చెప్పదు." దాచాలి, అబద్ధమాడకూడదు. ఈ రెంటి మధ్య ఇరుక్కోవడంలోనే ప్రతి ఎపిసోడ్‌కీ నవ్వు పుడుతుంది.

ఎపిసోడ్ సూత్రం కూడా ఈ స్వభావం నుంచే రావాలి. ఒక కథ వేసి చూద్దాం. మొదటి నిమిషంలో తాత ఆత్రేయపురం పూతరేకుల పెట్టె ఇచ్చి, "నీళ్లు తగలనివ్వకు, మీద బరువు పెట్టకు" అంటాడు. చిట్టి మొదటి సగమే విని, నీళ్లు చిందకుండా తన పుస్తకాల సంచి తీసి పెట్టె మీద పెడుతుంది. మూడో నిమిషంలో 'కరకర'మని చప్పుడు. అక్కడి నుంచి రెండు ప్రయత్నాలు. మొదటిది దాచడానికి, రెండోది సరిచేయడానికి. రెండోది సమస్యను ఇంకా పెంచాలి. ఎనిమిదో నిమిషంలో పెట్టె తాలూకు పెద్దావిడ ఎదురుగా నిలబడి అడుగుతుంది. చిట్టి నిజం చెప్పేస్తుంది, ఆ వెంటనే పరిష్కారం కూడా తనే వెతుకుతుంది. తాత వచ్చి సర్దిపెట్టకూడదు. ఈ ఒక్క వాక్యం బైబిల్‌లో లేకపోతే రచయితలు చాలాసార్లు పెద్దవాళ్ల చేతే కథ ముగించేస్తారు.

టోన్ గురించి అర పేజీ చాలు. "సరదాగా, ఆప్యాయంగా" అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. హద్దులు రాయండి. పంటు మీద నుంచి ఎవరూ దూకరు, ఎందుకంటే చూసిన పిల్లలు అదే చేస్తారు. యాసని ఎవరూ ఎగతాళి చేయరు. చివర్లో ఎవరూ నీతి చెప్పరు.

ఇక ప్రదేశాలు. ప్రతి కొత్త ప్రదేశానికీ బ్యాక్‌గ్రౌండ్లు కొత్తగా గీయాలి. అదే చోటుకి పగలు, సాయంత్రం, రాత్రి అన్నా రంగులు మళ్లీ వేయాలి. అందుకే రేవు, పంటు, తాత ఇల్లు, బడి, సంత అని ఐదు ఖాయం చేసుకుని, ఒక్కోచోట కథకి ఏ పని జరుగుతుందో రాయండి. రేవులో కొత్త మనిషి దిగుతాడు, పంటు మీద ఎవరూ తప్పించుకోలేరు, అన్నట్టుగా.

షీట్స్ అవసరం ఇక్కడే. వరుసకు ఒక ఎపిసోడ్ చొప్పున చిట్టికి ఏం కావాలి, అడ్డు ఎవరు, ఎక్కడ, పరిష్కారం ఎవరిది అని నాలుగు కాలమ్స్ పెట్టండి. A కాలమ్‌లో ఎపిసోడ్ పేరు ఉంటే ప్రదేశం D లోకి వస్తుంది. అప్పుడు ఇది టైప్ చేయండి:

```
=COUNTIF(D2:D27,"రేవు")
```

26లో 18 రేవులోనే వస్తే మిగతా నాలుగు చోట్లు ఊరికే ఉన్నట్టే. లెక్క తక్కువగా చూపిస్తే కంగారు పడకండి. ఎక్కడో "రేవు" తర్వాత ఒక స్పేస్ పడి ఉంటుంది, షీట్ దాన్ని వేరే మాటగా చూస్తుంది. ఆ కాలమ్‌కి `Insert > Dropdown` పెడితే ఈ ఇబ్బంది ఉండదు. పరిష్కారం కాలమ్‌లోనూ ఇలాగే లెక్కేసి, తాత పేరు ఎన్నిసార్లు వచ్చిందో చూడండి.

డాక్స్‌లో ప్రతి పాత్ర పేరుకీ `Heading 2` ఇవ్వండి, పక్కన అవుట్‌లైన్‌లో కనిపిస్తుంది. పాత డీటీపీ ఫాంట్‌లో రాసిన పేజీలుంటే ముందు యూనికోడ్‌లోకి మార్చుకోండి. లేకపోతే `Ctrl+F`తో "చిట్టి" అని వెతికినా దొరకదు.

60 పేజీలు 15కి తెచ్చాక, ఏదైనా ఒకే ఎపిసోడ్‌ని ఇద్దరు రచయితలనీ విడివిడిగా మూడు వాక్యాల్లో రాయమనండి. చిట్టి ఎక్కడ ఇద్దరు పిల్లలుగా విడిపోయిందో ఆ పేరా మాత్రమే తిరగరాయండి. తర్వాత `File > Version history > Name current version`లో తేదీ వేసి, పాత కాపీలు పక్కన పెట్టేయమని ఇద్దరికీ చెప్పండి.