2.57తో గుణిస్తే వచ్చేది కొత్త బేసిక్ కాదు

ప్రశ్న: "పే రివిజన్‌లో ఫిట్‌మెంట్ ఫ్యాక్టర్ 2.57 అంటే పాత బేసిక్‌ను 2.57తో గుణిస్తే చాలా? మా ఆఫీసులో ఇద్దరికి పాత బేసిక్ దాదాపు ఒకటే, కొత్త బేసిక్‌లో మాత్రం వెయ్యికి పైగా తేడా వచ్చింది. ఎందుకు?"

చాలదు. గుణించాక వచ్చిన అంకెను పే మ్యాట్రిక్స్ అనే వేతన పట్టికలో మీ లెవెల్ కాలమ్‌లో పెట్టి చూడాలి. సరిగ్గా ఆ అంకె ఉన్న గడి దొరికితే అదే మీ బేసిక్. లేకపోతే దానికన్నా ఎక్కువగా, వెంటనే వచ్చే మొత్తం ఉన్న గడి ఇస్తారు. దగ్గరలో ఉందని తక్కువ మొత్తం ఉన్న గడి ఎప్పుడూ ఇవ్వరు. మీరు చెప్పిన తేడా పుట్టేది ఇక్కడే.

7వ వేతన సంఘం కింద కేంద్ర ఉద్యోగులకు 2016 జనవరి 1 నుంచి జరిగిన ఫిక్సేషన్ తీసుకుందాం. పాత గ్రేడ్ పే 2,800, పే బ్యాండ్‌లో పే 11,590 అనుకోండి. ఈ రెండూ కలిపితేనే పాత బేసిక్, అంటే 14,390. గ్రేడ్ పే వదిలేసి బ్యాండ్ పేను మాత్రమే గుణించేవాళ్లు చాలామంది. డీఏ కూడా కలిపేసి గుణించేవాళ్లూ ఉన్నారు. రెండూ తప్పే, ఎందుకంటే డీఏ అప్పటికే 2.57 లోపల ఉంది.

14,390 × 2.57 = 36,982.30. రూపాయికి సవరిస్తే 36,982. గ్రేడ్ పే 2,800కి లెవెల్ 5. ఆ కాలమ్‌లో 35,900, దాని కింద 37,000, ఆ కింద 38,100 ఉంటాయి. కాబట్టి కొత్త బేసిక్ 37,000.

పక్క సీటు ఆయన పాత బేసిక్ 14,400 అనుకోండి, పది రూపాయలే ఎక్కువ. 14,400 × 2.57 = 37,008. ఇది 37,000 దాటింది ఎనిమిది రూపాయలే, కానీ దాటింది కనుక ఆయనకు 38,100. పాత స్కేల్లో పది రూపాయల తేడా కొత్త స్కేల్లో 1,100 అయింది. మీ ఆఫీసులో జరిగింది ఇలాంటిదే అయివుంటుంది. అందులో ఎవరి తప్పూ లేదు, గడుల మధ్య దూరం వల్ల వచ్చే ఫలితం అది.

మరి పది రూపాయలతో వెనకబడ్డవాడు ఏం చేయాలి? చాలామంది చూడకుండా సంతకం పెట్టేసిన చోటు ఆప్షన్ ఫారం. కొత్త స్కేల్లోకి జనవరి 1 నుంచే రావాలని అప్పుడు నిబంధన లేదు. పాత స్కేల్లో తర్వాతి ఇంక్రిమెంట్ తేదీ దాకా ఉండి, ఆ రోజు మారే వీలుండేది. 14,390 ఆయన జూలై 1 దాకా ఆగాడనుకుందాం. పాత పద్ధతిలో ఇంక్రిమెంట్ 3 శాతం, అంటే 431.70. పైసలు వదిలేసి, పై పదికి సవరిస్తే 440. పాత బేసిక్ 14,830 అయింది. దాన్ని 2.57తో గుణిస్తే 38,113. ఇది 38,100 దాటింది, కాబట్టి జూలై 1న కొత్త బేసిక్ 39,200.

ఆగకుండా జనవరిలోనే మారివుంటే? జనవరిలో 37,000, జూలై ఇంక్రిమెంట్‌కి ఒక గడి దిగి 38,100. అంటే ఆగినందుకు ఒక గడి లాభం. ఆ గడి సర్వీసు పొడుగునా వెంట వస్తుంది. దాని మీద డీఏ, పెన్షన్ లెక్క కూడా పెరుగుతాయి.

ఖర్చు కూడా లెక్క కట్టాలి. ఆగిన ఆరు నెలలూ పాత బేసిక్, 125 శాతం డీఏ కలిపి 14,390 × 2.25 = 32,378. కొత్త బేసిక్ 37,000తో పోలిస్తే నెలకు 4,622 ఎరియర్స్ వదులుకున్నట్టు, ఆరు నెలలకు 27,732. తర్వాత నెలకు 1,100 చొప్పున వెనక్కి వస్తుంది, డీఏ లెక్కలోకి తీసుకోకపోయినా దాదాపు 25 నెలల్లో పూడిపోతుంది. ఇంకా పదేళ్ల సర్వీసు ఉన్నవాడికి ఇది వదులుకోకూడని లాభం, ఏడాదిలో రిటైరయ్యేవాడు మాత్రం పెన్షన్ కూడా కలిపి లెక్క వేసుకోవాలి.

14,400 ఆయన ఇదే పని చేస్తే నష్టమే. ఆయన పాత ఇంక్రిమెంట్ కూడా 440, బేసిక్ 14,840, గుణిస్తే 38,139, గడి 39,200. జనవరిలోనే మారినా 38,100 మీద జూలైలో వచ్చేది 39,200 కదా. ఎరియర్స్ పోగొట్టుకోవడం తప్ప దక్కేదేమీ లేదు. ఒక గుర్తు పెట్టుకోండి: గుణించిన అంకె గడిలోని మొత్తానికి కాస్త తక్కువగా ఆగితే ఆప్షన్ లెక్క వేసి చూడండి. గడిని కాస్త దాటితే ఇప్పటికే మీకు దక్కాల్సింది దక్కింది. నిర్ణయం రెండు లెక్కలూ కాగితం మీద వేసి చూశాకే. 2016లో ఆప్షన్‌కి గడువు నోటిఫికేషన్ నుంచి మూడు నెలలే ఇచ్చారు, అయినా పక్కవాడు ఏం రాశాడో చూసి రాయడం నాకు అస్సలు నచ్చదు.

ఇంకో గందరగోళం 2.62, 2.67 అంకెలు. అవి మ్యాట్రిక్స్ తయారుచేసేటప్పుడు పై లెవెల్స్ మొదటి గడి కట్టడానికి వాడినవి. ఉదాహరణకు లెవెల్ 6లో 13,500 × 2.62ని సవరించి 35,400 చేశారు. ఉద్యోగి పే ఫిక్స్ చేయడానికి మాత్రం అందరికీ 2.57 ఒక్కటే. అదే లెవెల్లో మొదటి స్టేజిలో ఉన్నవాడికి గుణిస్తే 34,695 వస్తుంది, అది మొదటి గడి కన్నా తక్కువ కాబట్టి 35,400 ఇచ్చారు.

మీ ఫిక్సేషన్ సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. పాత బేసిక్‌ను 2.25తో గుణించి, దానితో కొత్త బేసిక్‌ను భాగించండి. 1.14కి తక్కువ వస్తే గ్రేడ్ పే కలపలేదో, లెవెల్ తప్పుగా తీసుకున్నారో అనుకోవచ్చు. 1.2 దాటితే కూడా సర్వీస్ బుక్కు తీసి చూడండి. ఎక్కువ ఇచ్చింది తర్వాత రికవరీ పెడితే బాధ రెట్టింపు.

ఆ 1.14 ఊరికే రాలేదు. 2.57ని 2.25తో భాగిస్తే వచ్చేది అదే, అసలు పెరుగుదల 14 శాతం. 8వ వేతన సంఘం పేరుతో వాట్సాప్‌లో "18,000 × 2.86 = 51,480" అంటూ తిరిగే అంకెలు నాకు ఒళ్లు మండిస్తాయి, ఎందుకంటే వాటిలో డీఏ ఎంత కరిగిపోతుందో ఎవరూ రాయరు. రివిజన్ తేదీనాటి డీఏ 60 శాతం ఉంటే, ఫ్యాక్టర్ 2 అన్నా అసలు పెంపు 2 ÷ 1.6, అంటే 25 శాతమే.

మన రాష్ట్రాల్లోనూ ఇదే కథ, పేరు మాత్రమే వేరు. ఆంధ్రప్రదేశ్ 11వ పీఆర్సీలో 23 శాతం ఫిట్‌మెంట్ అన్నారు. 2018 జూలై 1 నాటి డీఏ 30.392 శాతం కలిపితే ఫ్యాక్టర్ 1.53392. పాత బేసిక్ 28,940 ఉన్న స్కూల్ అసిస్టెంట్‌కి గుణిస్తే 44,392 వస్తుంది. కొత్త స్కేల్లో దాని పై స్టేజి 44,570. ఆ 23 శాతం పాత బేసిక్ మీద మాత్రమే. డీఏతో కలిపి తీసుకుంటున్న 130.392 మీద చూస్తే 17.6 శాతం. తెలంగాణలో ఇచ్చిన 30 శాతం ఫిట్‌మెంట్ కూడా అలా చూస్తే 23 శాతం అవుతుంది.